లక్ష కోట్ల దాకా ముక్కలవారీ జల్లెడ

వంద కోట్ల లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ కావాలి. ఏవో కొన్ని కాదు, 2 మొదలుకొని ఒక్కటీ వదలకుండా. మొత్తం 5,08,47,534 ఉన్నాయి. చక్కగా రాసిన ప్రోగ్రామ్ ఉంటే మామూలు ల్యాప్‌టాప్ కూడా వీటన్నిటినీ చాయ్ చల్లారేలోపే తేల్చేస్తుంది. అదే పద్ధతిని ఆలోచించకుండా రాస్తే పని ఎన్నో రెట్లు నెమ్మదిస్తుంది, పైగా గిగాబైట్ మెమరీ పట్టుకుని కూర్చుంటుంది. రెండు ప్రోగ్రాముల్లోనూ జరిగే లెక్క దాదాపు ఒకటే. ఏ సంఖ్యను ఎప్పుడు ముట్టుకుంటున్నాం అనే వరస మాత్రమే వేరు. ఆ వరస మారిస్తే ఇంత తేడా ఎందుకు వస్తుందో చెప్పడమే ఈ వ్యాసం పని.

మొదట పాత జల్లెడ సంగతి. 1తోనూ తనతోనూ తప్ప ఇంకే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగం పోనిదే ప్రధాన సంఖ్య. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తెలుసుకోవాలంటే భాగించి చూడాలి అనిపిస్తుంది. ఒక్క సంఖ్యకైతే సరే, వంద కోట్ల సంఖ్యలకు అలా చేయడం దండగ. అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న ఎరటోస్తనీస్ క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలోనే దీన్ని తిరగేసి ఆలోచించాడు. ప్రతి సంఖ్య దగ్గరికీ వెళ్లి "నిన్ను ఎవరు భాగిస్తారు?" అని అడగక్కర్లేదు. ప్రధాన సంఖ్యనే పట్టుకుని దాని గుణిజాల మీదుగా నడుస్తూ పోతే చాలు. 3 దొరికిందా, 9, 12, 15, 18 అని మూడేసి అడుగుల చొప్పున కొట్టేయాలి. 5 దొరికిందా, 25, 30, 35. ఎవరూ కొట్టకుండా మిగిలినవే ప్రధాన సంఖ్యలు. ఇందులో భాగహారం అనే మాటే లేదు, అంతా కూడికే.

ఎరటోస్తనీస్ స్వయంగా దీని మీద రాసింది మనకు దక్కలేదు. క్రీ.శ. 100 ప్రాంతంలో నికోమాకస్ తన అంకగణిత గ్రంథంలో దీన్ని వివరించాడు. ఆయన జల్లెడ 3 నుంచి బేసి సంఖ్యలతోనే మొదలవుతుంది. సరి సంఖ్యల్లో 2 తప్ప ప్రధానం లేదు కాబట్టి వాటిని రాసుకోవడమే అనవసరం. ఈనాటి ప్రోగ్రాముల్లో మెమరీని సగానికి తగ్గించే మొదటి ఉపాయం కూడా ఇదే.

జల్లెడలో ఒక్క విషయం బాగా అర్థం చేసుకుంటే మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. 100 లోపు ప్రధాన సంఖ్యలు కావాలంటే 2, 3, 5, 7 అనే నాలుగింటితో కొడితే సరిపోతుంది. 11తో కొట్టాల్సిన పనే లేదు. ఎందుకంటే ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా విడదీస్తే, ఆ రెండూ దాని వర్గమూలం కంటే పెద్దవి కాలేవు. 1027నే తీసుకోండి. అది 13 రెట్లు 79. 79 పెద్దదే, కానీ 1027ను కొట్టడానికి 79 రానక్కర్లేదు, 13 ఎప్పుడో కొట్టేసింది. అంటే ఎంత పెద్ద హద్దు పెట్టుకున్నా, కొట్టే పని చేసే ప్రధాన సంఖ్యలు ఆ హద్దు వర్గమూలం లోపలే ఉంటాయి. వంద కోట్లకు వర్గమూలం 31,622. దాని లోపు ప్రధాన సంఖ్యలు 3,401 మాత్రమే. ఐదు కోట్ల పైచిలుకు ప్రధాన సంఖ్యలను బయటికి తీసే పనివాళ్లు మూడున్నర వేల మంది కూడా లేరన్నమాట. వీటిని పునాది ప్రధానాలు అందాం.

ఇప్పుడు మెమరీ దగ్గరికి వద్దాం. ప్రతి సంఖ్యకూ కొట్టారా లేదా అని గుర్తు పెట్టుకోవాలి. సంఖ్యకో బైట్ చొప్పున ఇస్తే వంద కోట్లకు ఒక గిగాబైట్. కొట్టారా లేదా అన్నదానికి ఒక్క బిట్ చాలు కాబట్టి బైట్‌లో ఎనిమిది సంఖ్యలు సర్దితే 12.5 కోట్ల బైట్లు, అంటే 125 మెగాబైట్లు. సరి సంఖ్యలను తీసేస్తే 62.5 మెగాబైట్లు. ఇంతవరకూ బాగానే ఉంది. హద్దును లక్ష కోట్లకు పెంచితే ఇదే లెక్క వెయ్యి రెట్లు పెరిగి 62.5 గిగాబైట్లు అవుతుంది. సర్దుడుతో వచ్చే లాభం ఒకసారి వచ్చి ఆగిపోతుంది. హద్దు మాత్రం ఆగదు.

పైగా 62.5 మెగాబైట్ల దగ్గర కూడా మెమరీ సరిపోతోంది కదా అని ఊరుకోవడానికి లేదు. ప్రాసెసర్ తన పక్కనే క్యాష్ అనే చిన్న, చాలా వేగమైన మెమరీ పెట్టుకుంటుంది. అన్నిటికంటే దగ్గరున్న క్యాష్ చాలా ప్రాసెసర్లలో 32 లేదా 48 కిలోబైట్లు ఉంటుంది. అక్కడున్న బిట్‌ను మార్చడం దాదాపు నానోసెకను పని. అది లేక అసలు మెమరీ దాకా వెళ్లాల్సి వస్తే దానికి ఎన్నో పదుల రెట్లు సమయం పోతుంది. తెచ్చేటప్పుడు కూడా ఒక్క బిట్ తేదు, 64 బైట్ల వరసను మొత్తంగా తెస్తుంది. పునాది ప్రధానాల్లో అన్నిటికంటే పెద్దది 31,607. అది బేసి సంఖ్యల పట్టికలో కొట్టుకుంటూ పోతే ఒక్కో అడుగు దాదాపు 3,951 బైట్లు. అంటే ప్రతి అడుగుకూ కొత్తగా 64 బైట్లు తెప్పించుకుని, అందులో ఒకే ఒక్క బిట్ మార్చి, ముందుకు పోవడమే. పట్టిక చివరికి వెళ్లేసరికి మొదట్లో తెచ్చినవన్నీ క్యాష్‌లోంచి వెళ్లిపోయి ఉంటాయి. తర్వాతి ప్రధాన సంఖ్య వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచీ తెచ్చుకోవాలి. బేసి సంఖ్యల జల్లెడలో వంద కోట్ల హద్దుకు కొట్టివేతలు కూడా దాదాపు వంద కోట్లే. లెక్క బరువు అంతంతే. కాలమంతా మెమరీ కోసం ఎదురుచూడటంలోనే కరిగిపోతుంది.

దీనికి విరుగుడు, పట్టికనంతా ఒకేసారి పరచకపోవడం. బియ్యం బస్తాను ఒక్కసారి గుమ్మరించకుండా చేటలో పట్టినన్ని పోసుకుని చెరిగినట్టు, సంఖ్యల్ని ఒక్కో ముక్కగా తీసుకోవాలి. ముందుగా పునాది ప్రధానాలను చిన్న జల్లెడతో తీసి పక్కన పెట్టుకుంటాం. తర్వాత క్యాష్‌లో పట్టేంత ముక్కను తీసుకుని, పునాది ప్రధానాలన్నిటితోనూ ఆ ముక్కలోనే కొట్టేస్తాం. మిగిలినవి ప్రధాన సంఖ్యలు. వాటితో చేయాల్సిన పని చేసేసి, అదే చోటును తుడిచి తర్వాతి ముక్కకు వాడుకుంటాం. పాత పద్ధతిలో ఒక ప్రధాన సంఖ్య పట్టిక మొత్తం నడిచాక ఇంకోటి బయలుదేరేది. ఇక్కడ అన్ని ప్రధాన సంఖ్యలూ ఒకే ముక్కలో నడిచి, ఎక్కడ ఆగామో గుర్తుపెట్టుకుని, అందరూ కలిసి పక్క ముక్కలోకి దాటుతాయి.

చిన్న ముక్కలో ఇది ఎలా నడుస్తుందో అంకెలతోనే చూద్దాం. ముక్క 1001 నుంచి 1030 వరకు అనుకుందాం. బేసి సంఖ్యలు మాత్రమే ఉంచితే 1001, 1003, అలా 1029 వరకు పదిహేను గళ్లు. 1030కి వర్గమూలం 32 కాస్త దాటుతుంది కాబట్టి కొట్టాల్సిన ప్రధాన సంఖ్యలు 3 నుంచి 31 వరకు. 3కు ఈ ముక్కలో మొదటి బేసి గుణిజం 1005. అక్కడి నుంచి ఆరేసి అడుగులతో 1011, 1017, 1023, 1029 పోతాయి. మధ్యలో వచ్చే సరి గుణిజాలు పట్టికలోనే లేవు కనుక అడుగు మూడు కాదు, ఆరు. 5 వచ్చి 1005, 1015, 1025ను కొడుతుంది. 7కు మొదటి గడే దొరుకుతుంది, 1001. తర్వాత 1015, 1029. 11 కూడా 1001ని కొట్టి 1023కు వెళుతుంది. 13కు 1001, 1027. ఒకే 1001ని 7, 11, 13 మూడూ కొట్టాయి. అలా మళ్లీ మళ్లీ కొట్టడం వృథానే అయినా, ముందే కొట్టారా అని ఆగి చూసుకోవడం కంటే కళ్లు మూసుకుని కొట్టేయడమే త్వరగా అవుతుంది. 17కు 1003, 19కు 1007 దొరుకుతాయి. 29 వచ్చి 1015ను, 31 వచ్చి 1023ను మరోసారి కొడతాయి.

23 సంగతి వేరు. దాని బేసి గుణిజాలు 989, ఆ తర్వాత 1035. మధ్యలో 1012 ఉంది గానీ అది సరి సంఖ్య. అంటే ఈ ముక్కలో 23కు పనే లేదు, వచ్చి ఊరికే వెళ్లిపోయింది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పెద్ద సమస్య అయి కూర్చునేది ఇదే. కొట్టినవి పోగా 1009, 1013, 1019, 1021 అనే నాలుగు గళ్లు మిగిలాయి. ఇవి నాలుగూ ప్రధాన సంఖ్యలే.

ఇక పక్క ముక్క, 1031 నుంచి 1060 వరకు. ఇక్కడ మొదటి గుణిజం ఏదని మళ్లీ భాగహారాలు చేయక్కర్లేదు. ప్రతి ప్రధాన సంఖ్యా క్రితం ముక్క హద్దు దాటాక మొదట ఎక్కడ కాలు మోపాలో రాసి పెట్టుకుంటే చాలు. 3కూ 5కూ అది 1035. 7కు 1043. 11కు 1045, 13కు 1053, 17కు 1037, 19కు 1045. క్రితంసారి ఖాళీగా వెళ్లిన 23కు 1035. 29 దగ్గర 1073, 31 దగ్గర 1085 అని ఉంది, అంటే ఈసారి ఆ రెండింటికీ సెలవు. అందరూ తమ తమ చోట్ల నుంచి కొట్టుకుంటూ పోతే 1031, 1033, 1039, 1049, 1051 మిగులుతాయి. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. మధ్యలో మోసుకెళ్లేది పునాది ప్రధానాలను, వాటి పక్కన రాసుకున్న తర్వాతి చోట్లను మాత్రమే.

ప్రోగ్రామ్‌గా రాస్తే ఇంతే. తేలిగ్గా కనబడాలని కింద బైట్లనే వాడాను, సరి సంఖ్యలను కూడా ఉంచాను, మొదటి గుణిజాన్ని ప్రతి ముక్కలోనూ భాగహారంతోనే పట్టాను. `base` అంటే `n` వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు, `size` అంటే ముక్క పొడవు.

```python
def count(n, size, base):
    total = 0
    for lo in range(2, n + 1, size):
        hi = min(lo + size - 1, n)
        mark = bytearray(b"\1") * (hi - lo + 1)
        for p in base:
            if p * p > hi:
                break
            start = max(p * p, (lo + p - 1) // p * p)
            for m in range(start, hi + 1, p):
                mark[m - lo] = 0
        total += sum(mark)
    return total
```

పది లక్షల హద్దుతో దీన్ని నడిపితే 78,498 రావాలి. ముక్క పొడవు ఎంత పెట్టినా అదే రావాలి. ఈ రెండో మాట మొదటిదానికంటే విలువైనదని నా అభిప్రాయం. ఈ చిన్న కోడ్‌లో తప్పులు దొర్లడానికి అనువైన చోట్లు రెండు ఉన్నాయి, వాటిని పట్టించేది ముక్క పొడవే.

మొదటి చోటు `max(p * p, ...)`. ఇది లేకుండా ముక్కలో వచ్చే మొదటి గుణిజం నుంచే కొట్టడం మొదలుపెట్టామనుకోండి. దూరపు ముక్కల్లో ఏ ఇబ్బందీ రాదు. మొదటి ముక్కలో మాత్రం 7కు దొరికే మొదటి గుణిజం 7 తానే. అది తనను తానే కొట్టేసుకుంటుంది. పది లక్షల హద్దును ఒకే ముక్కగా చేస్తే వెయ్యి లోపు ఉన్న 168 ప్రధాన సంఖ్యలూ ఇలాగే పోయి 78,330 వస్తుంది. ముక్కను 32,768 చేస్తే మొదటి ముక్కలో 181 వరకు ఉన్న 42 మాత్రమే రంగంలోకి దిగుతాయి కనుక 78,456 వస్తుంది. ముక్కను 1,000 చేస్తే పదకొండు పోయి 78,487. మూడు పొడవులకు మూడు జవాబులు. సరైన జవాబు ఏదో మనకు తెలియకపోయినా సరే, ఎక్కడో తప్పుందని అప్పటికప్పుడే తేలిపోతుంది.

రెండో చోటు `p * p > hi`. చేతి వాటంలో `>` బదులు `>=` పడిందనుకుందాం. అప్పుడు ముక్క చివరి సంఖ్య సరిగ్గా ఒక ప్రధాన సంఖ్య వర్గమైతే దాన్ని కొట్టేవాళ్లు ఉండరు. ముక్క పొడవు 32,768 పెట్టి పది లక్షల వరకు నడిపితే 78,498 అని సరైన జవాబే వస్తుంది. ఆ పొడవుతో ఏ ముక్క చివరా ప్రధాన సంఖ్య వర్గం పడదు, తప్పు ఉన్నా బయటపడదు. పొడవును 1,000 చేసి చూడండి, 78,501 వస్తుంది. ముక్కల చివర్లు 1001, 2001, 3001 అలా వెళతాయి కదా. వాటిలో 63,001 అంటే 251 వర్గం. 2,49,001 అంటే 499 వర్గం. 5,64,001 అంటే 751 వర్గం. ఈ మూడూ కొట్టేవాళ్లు లేక ప్రధాన సంఖ్యల్లో చేరిపోయాయి. ఒక్క పొడవుతో జవాబు సరిపోయిందని ఊరుకుంటే ఈ తప్పు అలాగే ఉండిపోయి, ఇంకో హద్దు దగ్గర ఎవరికీ తెలియకుండా లెక్క చెడగొడుతుంది. అందుకే జల్లెడ రాసినవాళ్లు వెయ్యి, 1,001, 32,768 లాంటి పొంతన లేని పొడవులతో నడిపి జవాబులు పోల్చుకోవాలి.

సీ భాషలో రాసేవాళ్లకు మూడో గండం కూడా ఉంది. 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద విలువ 214,74,83,647. 46,337 వర్గం దానిలో పడుతుంది, తర్వాతి ప్రధాన సంఖ్య 46,349 వర్గం పట్టదు. హద్దు వంద కోట్లు ఉన్నంతవరకు పునాది ప్రధానాలు 31,607 దగ్గరే ఆగుతాయి కాబట్టి అంతా సవ్యంగా కనిపిస్తుంది. హద్దును వెయ్యి కోట్లకు పెంచగానే లెక్క తలకిందులవుతుంది. వర్గాన్ని 64 బిట్లలో లెక్కగట్టడమే మందు.

ఇంతకీ ముక్క పొడవు ఎంత ఉండాలి? చిన్నదైతే మెమరీ ఆదా కదా అని మరీ చిన్నది చేస్తే 23కు జరిగిందే అందరికీ జరుగుతుంది. వంద కోట్ల హద్దుకు ముక్కను వెయ్యి సంఖ్యలు చేస్తే పది లక్షల ముక్కలు వస్తాయి. ప్రతి ముక్కలోనూ పునాది ప్రధానాలన్నిటినీ పలకరించాలి, ఆ పలకరింపులే రెండు వందల కోట్లు దాటుతాయి. అసలు కొట్టివేతల కంటే రెట్టింపు. 31,607 బేసి గుణిజాల మీదుగా వేసే అడుగు 63,214, కాబట్టి అరవై మూడు ముక్కలకు ఒకసారి తప్ప దానికి పని దొరకదు. మరోవైపు ముక్క క్యాష్‌ను మించి పెరిగితే మొదటి జబ్బు తిరిగొస్తుంది. వంద కోట్ల హద్దుకు 32 కిలోబైట్ల ముక్క బాగా కుదురుతుంది. బేసి సంఖ్యకో బిట్ చొప్పున అందులో 5,24,288 సంఖ్యల మేర పడుతుంది. మొత్తం ముక్కలు 1,908, పలకరింపులు 65 లక్షల లోపే. వంద కోట్ల కొట్టివేతల పక్కన అది లెక్కలోకి రాదు. ముక్కకు 32 కిలోబైట్లు, పునాది ప్రధానాలకూ వాటి తర్వాతి చోట్లకూ 27 కిలోబైట్లు, వెరసి 60 కిలోబైట్లు. అంతకుముందు 62.5 మెగాబైట్లు పట్టిన పని ఇది. మెమరీ వెయ్యో వంతుకు తగ్గింది, పని కూడా వేగంగా అవుతోంది. మెమరీ మిగిలితే కాలం ఖర్చవడం కంప్యూటర్ పనుల్లో తరచూ చూస్తాం. ఇక్కడ రెండూ కలిసి తగ్గాయి, నాకు ఈ పద్ధతి మీద ఇంత మక్కువ అందుకే. వర్గమూలం అంతకు తగ్గకుండా, క్యాష్‌ను దాటకుండా అన్నది ముక్క పొడవుకు మంచి కొలత.

జల్లెడ మెమరీ తగ్గాక దాని ఫలితమే బరువుగా తయారవుతుంది. వంద కోట్ల లోపు ప్రధాన సంఖ్యలను ఒక్కోదానికి నాలుగు బైట్ల చొప్పున దాచుకుంటే 20 కోట్ల బైట్లు దాటుతాయి. జల్లెడ పట్టిక మొత్తంగా పరిచినా అంత అయ్యేది కాదు. జాబితాను నిజంగా దాచే తీరాలంటే సంఖ్యలకు బదులు పక్కపక్క ప్రధాన సంఖ్యల మధ్య దూరాన్ని రాసుకోవడం మేలు. వంద కోట్ల లోపు అతి పెద్ద దూరం 282. అది 43,62,73,009కీ 43,62,73,291కీ మధ్య వస్తుంది. 2, 3 తర్వాత దూరాలన్నీ సరి సంఖ్యలే కాబట్టి సగం రాసుకుంటే 141, ఒక్క బైట్‌లో సుఖంగా ఇముడుతుంది. అలా జాబితా ఐదు కోట్ల బైట్లకు దిగుతుంది.

అయితే చాలా ప్రశ్నలకు జాబితాను దాచనే అక్కర్లేదు. ముక్క చేతిలో ఉండగానే చూడాల్సింది చూసేసి పారేయవచ్చు. దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ 1976 నాటిది. ప్రధాన సంఖ్యలను 3తో భాగిస్తే, 3 ఒక్కటి తప్ప, శేషం 1 గానీ 2 గానీ వస్తుంది. వంద లోపు శేషం 2 వచ్చేవి 13, శేషం 1 వచ్చేవి 11. ఎంత దూరం పోయినా రెండు గుంపులూ దాదాపు సమానంగానే పెరుగుతాయి, కానీ శేషం 2 గుంపు ఎప్పుడూ కాస్త ముందుంటుంది. లక్షలు దాటినా, కోట్లు దాటినా అదే తీరు. శేషం 1 గుంపు ఎప్పుడైనా ముందుకు వస్తుందా, వస్తే ఎక్కడ? దీన్ని తేల్చాలంటే ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ వెళ్లడమే మార్గం.

కార్టర్ బేస్, రిచర్డ్ హడ్సన్ అనే ఇద్దరు గణితజ్ఞులు లక్ష కోట్ల వరకు ఈ నడక నడిచారు. అంత దూరానికి పట్టికను మొత్తంగా పరచాలంటే బేసి సంఖ్యలకు బిట్ల చొప్పున లెక్కవేసినా 62.5 గిగాబైట్లు కావాలని పైన చూశాం. ఆనాటి కంప్యూటర్లలో ఆ ఊసే లేదు. ముక్కలవారీగా అయితే కావాల్సింది పది లక్షల లోపు ఉన్న 78,498 పునాది ప్రధానాలు, ఒక ముక్క, రెండు లెక్కింపు గళ్లు. ముక్కను జల్లించడం, మిగిలిన ప్రతి ప్రధాన సంఖ్యకూ శేషం చూసి సంబంధించిన గడిలో ఒకటి కలపడం, ముక్కను తుడిచేయడం. 1976 డిసెంబర్ 25న జవాబు దొరికింది. 60,898 కోట్ల 18 లక్షల 13 వేల 29 అనే ప్రధాన సంఖ్య దగ్గర శేషం 1 గుంపు మొట్టమొదటిసారి ముందుకొచ్చింది. అప్పటిదాకా ఒక్కసారి కూడా అలా జరగలేదని ఖాయంగా చెప్పగలగడం అన్ని ప్రధాన సంఖ్యలనూ వదలకుండా చూడటం వల్లే. 1977లో వాళ్లు ప్రచురించిన పత్రం పేరులోనే ఎరటోస్తనీస్ ముక్కల జల్లెడ ప్రస్తావన ఉంటుంది.

లక్ష కోట్ల నుంచి ఇంకా ఎంతో పైకి పోతే 23 చెప్పిన సమస్య నిజంగా ఎదురవుతుంది. 1 పక్కన 18 సున్నాలున్న హద్దు పెట్టుకుంటే దాని వర్గమూలం వంద కోట్లు. పునాది ప్రధానాలే ఐదు కోట్లు దాటుతాయి. ముక్క మాత్రం క్యాష్‌లో పట్టేంతే ఉండాలి, కొన్ని లక్షల సంఖ్యల మేర. కోట్ల ప్రధాన సంఖ్యల్లో అత్యధిక భాగానికి ఏదో ఒక ముక్కలో పని ఉండటమే అరుదు, అయినా ప్రతి ముక్కకూ వాటన్నిటినీ పలకరించాలి. పోర్చుగల్‌కు చెందిన తొమాస్ ఒలివేరా ఇ సిల్వా దీనికి చేసిన ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. రాబోయే ఒక్కో ముక్కకూ ఒక్కో పెట్టె పెట్టాడు. ప్రతి పెద్ద ప్రధాన సంఖ్యనూ అది ఇక మీదట ఏ ముక్కలో కొట్టాలో ఆ ముక్క పెట్టెలో వేస్తాడు. ఒక ముక్క వంతు వచ్చినప్పుడు దాని పెట్టెను మాత్రమే తెరుస్తాం, అందులో ఉన్నవాటికి కచ్చితంగా పని ఉంటుంది. ప్రతిదీ తన గడి కొట్టి, తర్వాత వెళ్లాల్సిన ముక్క పెట్టెలోకి మారిపోతుంది. ఊరికే వచ్చిపోయేవాళ్లు ఉండరు. ఈ రకం జల్లెడతోనే ఆయన, తోటివారు కలిసి 4 పక్కన 18 సున్నాలున్న హద్దు వరకు 4 మొదలు ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనని సరిచూసి, 2013లో ఫలితాన్ని వెల్లడించారు.

అక్కడ పునాది ప్రధానాలు దాదాపు పది కోట్లు. ఒక్కోదానికీ తన విలువ, తర్వాతి చోటు రాసుకోవాలంటే మెమరీ మళ్లీ వందల మెగాబైట్లలోకి వెళుతుంది. ముక్కను ఎంత చిన్నది చేసినా పునాది ప్రధానాలను మోయక తప్పదు కాబట్టి, ఈ జల్లెడ మెమరీ హద్దు వర్గమూలం దరిదాపుల్లోనే ఆగుతుందని చాలాకాలం అనిపించేది. హరాల్డ్ హెల్ఫ్‌గాట్ 2020లో ప్రచురించిన పద్ధతి ఆ గీతను కూడా కిందికి జరిపింది. పెద్ద ప్రధానాలను మోసుకెళ్లకుండా, వాటిలో ఈ చిన్న ముక్కలో కొట్టగలిగినవి ఏవో అప్పటికప్పుడు లెక్కగట్టి పట్టుకుంటుంది. దాని మెమరీ హద్దు ఘనమూలం దరిదాపుల్లో ఉంటుంది. 18 సున్నాల హద్దుకు వర్గమూలం వంద కోట్లు, ఘనమూలం పది లక్షలు.